‘నువ్వు’ అని కథ చెప్పేది ఎవరు?

ప్రశ్న: మాది వరంగల్ పక్కన పల్లె. బాపుకు పానం బాగలేక, ఆయన బదులు మొదటిసారి ఏనుమాముల మార్కెట్‌కి మిర్చి తీసుకెళ్లిన కొడుకు కథ రాశాను. ముందు ‘వాడు’ అని రాస్తే చప్పగా అనిపించి మొత్తం ‘నువ్వు’ చేశాను. చదివిన ముగ్గురిలో ఒకరు కొత్తగా ఉందన్నారు, ఇద్దరు చిరాకేసిందన్నారు. ఉంచాలా, తీసేయాలా? అసలు ఈ పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది? కథ మొత్తం పంపుతున్నాను.

సమాధానం:

మీ కథ చదివాను. ఇప్పుడున్న రూపంలో అయితే ‘నువ్వు’ తీసేయమనే చెప్తాను. కాకపోతే ఇదే కథలో ‘నువ్వు’ సరిగ్గా కుదిరే చోటు ఒకటి ఉంది. మీరు దాని పక్క నుంచే నడిచి వెళ్లిపోయారు.

ముందు మీ మొదటి పేరా చూద్దాం.

“నువ్వు తెల్లవారుజామున లేస్తావు. నువ్వు ట్రాలీ ఎక్కుతావు. మార్కెట్ గేటు దగ్గర జనాన్ని చూస్తావు. నీ గుండె వేగంగా కొట్టుకుంటుంది. నువ్వు ఇంతకు ముందెప్పుడూ ఒంటరిగా ఇక్కడికి రాలేదు.”

‘నువ్వు’ ఉన్నచోటల్లా ‘వాడు’ పెట్టి, లేస్తావుని లేస్తాడు చేసి, పైకి ఒకసారి చదవండి. ఏం పోయింది? నాకైతే ఏమీ పోయినట్టు అనిపించలేదు. కథ చూపిస్తున్న విషయాలు అవే, చూస్తున్న దూరం అదే. క్రియల చివర మాత్రమే మారింది. నా దగ్గరికి ఇలాంటి కథ ఎవరు తెచ్చినా మొదట చేయించే పని ఇదే. ఒక పేజీ వెనక్కి మార్చి చూసినప్పుడు ఏదైనా విరిగిపోతే ‘నువ్వు’కి అక్కడ పని ఉన్నట్టు. ఏదీ విరగకపోతే అది పైపూత. మీ మొదటి రూపం చప్పగా ఉండటానికి కారణం సర్వనామం కాదు. లేవడం, ఎక్కడం, చూడడం ఎవరైనా చేసేవే. ఈ కుర్రాడు మాత్రమే చేసే పని ఆ పేరాలో ఒక్కటీ లేదు. దాన్ని ‘నువ్వు’ దాచలేదు, ఇంకాస్త బయటపెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ‘వాడు’ అని కథ చెప్తే ఎవరు చెప్తున్నారని పాఠకుడు అడగడు, అది అలవాటైపోయింది. ‘నేను’ అంటే చెప్పేవాడు తెలిసిపోతూనే ఉన్నాడు. ‘నువ్వు’ అనగానే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి: అనేవాళ్లు ఒకరు, అనిపించుకునేవాళ్లు ఒకరు. పైగా అనిపించుకునేవాడికి తన సంగతి తనకు తెలుసు. తెలిసిన సంగతిని తిరిగి అతనికే ఎందుకు చెప్తున్నారు? దీనికి మీ దగ్గర జవాబు ఉంటే కథ నిలబడుతుంది. లేకపోతే మీ ఇద్దరు పాఠకుల చిరాకు న్యాయమైనదే. గాలిలోంచి ఒక గొంతు వచ్చి “నువ్వు లేస్తావు, నువ్వు ఎక్కుతావు” అంటుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

మన దగ్గర మనుషులు నిజంగా ఈ పద్ధతిలో మాట్లాడే సందర్భాలు చాలానే ఉన్నాయి. చావు ఇంట్లో ఆడవాళ్లు శోకం పెట్టేటప్పుడు వినండి. పోయినవాళ్ల బతుకంతా వాళ్లకే చెప్తారు: “రెక్కలు ముక్కలు చేసుకుంటివి, ఇల్లు కట్టిస్తివి, ఇంట్ల పండకనే పోతివి కొడుకా.” వినేవాడికి అవన్నీ తెలుసు, కానీ వినేవాడు లేడు. చెప్పడానికి కారణం అదే. ఎరుకల సోది చెప్పే ఆమె మీ చెయ్యి పట్టుకుని “ఒకల మాట నమ్మి మోసపోయినవ్” అని మీ గతాన్నే మీకు చెప్తుంది. అది నమ్మకం కుదర్చడానికి. ఇంట్లో గొడవైనప్పుడు అన్న తమ్ముడితో “పొలం అమ్మిన రోజు నువ్వెక్కడున్నవ్? హైదరాబాద్‌ల ఉన్నవ్” అంటాడు. అది తప్పు మోపడానికి. ఊరికి పంపేటప్పుడు పెద్దవాళ్లు “బస్టాండుల దిగుతవు, ఆటో ఎక్కుతవు” అని దారంతా ముందే నడిపిస్తారు. అది భయం తగ్గించడానికి. నాలుగూ మధ్యమ పురుషే, నాలుగింట్లోనూ చెప్పేవాళ్లకు కారణం ఉంది.

ఈ నాలుగు సందర్భాల్లో క్రియలు వేరుగా ఉన్నాయని గమనించారా? ఇంగ్లీష్ కథలు చదివి ఈ పద్ధతి పట్టుకున్నవాళ్లు ఇక్కడే ఎక్కువగా జారుతారు. అక్కడ వర్తమానంలో రాస్తారు కదా అని మనవాళ్లు ‘వెళ్తావు’ అని మొదలుపెడతారు. తెలుగులో ‘వెళ్తావు’ అంటే రేపు వెళ్తావు అనైనా కావచ్చు, రోజూ వెళ్తావు అనైనా కావచ్చు. చెవికి అది జోస్యంలాగో, దారి చెప్తున్నట్టో వినిపిస్తుంది. కళ్ల ముందు ఇప్పుడే జరుగుతున్నట్టు కావాలంటే ‘వెళ్తున్నావు’ అనాలి. అది రెండు పేరాల తర్వాత క్రికెట్ కామెంటరీ అయి కూర్చుంటుంది. ‘వెళ్లావు’ అంటే గుర్తుచేయడం, లేదా నిలదీయడం. అంటే మీరు ఏ క్రియారూపం ఎంచుకుంటే చెప్పేవాడి ఉద్దేశం అదే అయిపోతుంది. మీరు ‘లేస్తావు, ఎక్కుతావు’ అని రాసినప్పుడు ఎవరో ఆ కుర్రాడికి రేపటి దారి చెప్తున్నట్టు వినిపించింది. మీరు ఉద్దేశించలేదు, అయినా వినిపించింది. మీ కథకు తాళంచెవి అక్కడుంది. మళ్లీ వస్తాను.

దానికి ముందు ఇంకో చిన్న సంగతి. ‘నువ్వు’ అంటే పాఠకుడు తానే ఆ పాత్ర అనుకుని లీనమైపోతాడని చాలామంది చెప్తారు. తెలుగులో నేను దాన్ని పెద్దగా నమ్మను. పత్రికలో రాశిఫలాలైనా, వంట ఎలా చేయాలో చెప్పినా పాఠకుణ్ణి ‘మీరు’ అనే అంటారు. ముక్కూమొహం తెలియని రచయిత ‘నువ్వు’ అంటే, అది నన్ను కాదు ఇంకెవరినో అనుకుంటాం, ఆ ఇంకెవరు అని వెతుక్కుంటాం. మనలాగే రెండు మాటలున్న భాషల్లో రచయితలు దీన్ని చూసుకునే రాశారు. మిషెల్ బ్యూటోర్ 1957లో ఫ్రెంచ్‌లో రాసిన ‘లా మోదిఫికాసియోఁ’ నవలలో, పారిస్ నుంచి రోమ్‌కి రైల్లో వెళ్తున్న మధ్యవయసు మనిషిని ‘మీరు’ అనే మాటతోనే నడిపించాడు. కార్లోస్ ఫ్యూయెంతెస్ 1962లో స్పానిష్‌లో రాసిన ‘ఆవ్రా’లో కుర్ర చరిత్రకారుణ్ణి ‘నువ్వు’ అన్నాడు. పైగా చాలాచోట్ల భవిష్యత్తులో చెప్పాడు, ఇలా చేస్తావు, అలా చేస్తావు అని. అందుకే ఆ కుర్రాడి మీద ఎవరో మంత్రం వేసినట్టు ఉంటుంది. ఒకదాంట్లో మర్యాదగా దూరం నుంచి చూడటం, ఇంకోదాంట్లో మెడ మీద ఊపిరి తగలడం. మీ కథలో సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు సేటు ఆ కుర్రాణ్ణి ఎలా పిలుస్తాడు, బాపు ఎలా పిలుస్తాడు అన్నది మీకు తెలుసు. కథ చెప్పే గొంతు ఏమని పిలవాలో కూడా అలాగే తేలాలి.

ఇక మీ కథ. చెప్పేవాళ్లు ఎవరు కావచ్చు? మంచం మీదున్న బాపు. ముందురోజు రాత్రి. ఎప్పుడూ తానే వెళ్లిన మార్కెట్‌కి కొడుకు ఒక్కడే వెళ్తున్నాడు. ఆ మనిషి నిద్రపోడు, దారి మొత్తం చెప్తాడు. మొదటి పేరా ఇలా మొదలైతే ఎలా ఉంటుందో చూడండి:

“రాత్రే బస్తాలు ట్రాలీల ఎక్కియ్యి. మూడింటికి ఎల్లితె తెల్లారెవరకు గేటు కాడుంటవు. చీటీ ఇస్తరు, అంగి జేబుల పెట్టుకోకు బిడ్డా, చెమటకు తడుస్తది. మన అడ్తి కాడ దించుకుంటవు. సేటు నా గురించి అడుగుతడు. పానం బాగలేదని చెప్పు. ఇంకేమన్న అడిగితె బాపునే అడుగుమని చెప్పు.”

దీన్ని ఇప్పుడు ‘వాడు’లోకి మార్చి చూడండి. కుదరదు. “చీటీ జేబులో పెట్టుకోకూడదని బాపు చెప్పాడు” అని రాయాలి, అలా రాయగానే బాపు గొంతు పోతుంది. ఇందాకటి పరీక్షలో ఇది విరిగింది, అంటే ‘నువ్వు’కి ఇక్కడ పని ఉంది.

ఆ చివరి వాక్యం చూశారా? “ఇంకేమన్న అడిగితె బాపునే అడుగుమని చెప్పు.” ఏమడుగుతాడు సేటు? బాపు చెప్పట్లేదు. మీ కథ చివర్లో పాత బాకీ సంగతి బయటపడుతుంది కదా, దాని విత్తనం ఇక్కడ పడుతుంది. నా అనుభవంలో మధ్యమ పురుష అన్నిటికంటే బాగా పండేది ఇలాంటి చోటే. చెప్పేవాడికీ వినేవాడికీ తెలిసినవాటి మధ్య తేడా ఉండాలి, చెప్పేవాడు ఆ తేడాని దాచుకుంటూ మాట్లాడాలి. మీ ఇప్పటి రూపంలో గొంతుకు కుర్రాడి సంగతులన్నీ తెలుసు, కుర్రాడికీ తెలుసు. తేడా లేదు కాబట్టి మాటల్లో బిగి లేదు.

ఇంకాస్త ముందుకు వెళ్దాం. మార్కెట్ లోపలి భాగం:

“జెండా పాట మొదలైతె జనం గుమిగూడుతరు. ఆ రేటు విని సంబురపడకు బిడ్డా. అది ఏదో ఒక్కల సరుకుకే పడ్తది, మన కాడికి వచ్చేవరకు దిగుతది. ఖరీదుదారు బస్తాల చెయ్యి పెడ్తడు. కాయ ఇరిచి చూస్తడు. తాలున్నదంటడు. అననీ. నువ్వు మాట్లాడకు.

మాట్లాడినవ్.”

ఆ ఒక్క మాటతో కథ రాత్రి మంచం దగ్గర నుంచి మార్కెట్‌లోకి దూకింది. ‘పెడ్తడు, అంటడు’ అని వస్తున్న వరస తెగి, జరిగిపోయిన పని వచ్చింది. ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది, దాన్ని దాటేయకండి. బాపు మార్కెట్‌లో లేడు. మరి ‘మాట్లాడినవ్’ అన్నదెవరు? కుర్రాడే, తనతో తాను. బాపు నేర్పిన గొంతుతోనే తనను తాను తిట్టుకుంటున్నాడు. పాఠకుడికి దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు, కానీ ఒక ఆనవాలు ఇవ్వాలి. నేనైతే ‘బిడ్డా’ అన్న పిలుపుని ఆనవాలుగా వాడతాను. బాపు చెప్తున్నంతసేపు రెండు మూడు వాక్యాలకోసారి ‘బిడ్డా’ రావాలి. ‘మాట్లాడినవ్’ తర్వాత మళ్లీ ఎక్కడా రాకూడదు. పాఠకుడు లెక్కపెట్టడు, అయినా లోటు తెలుస్తుంది.

తర్వాత తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిన చీటీ, చేతికొస్తుంది.

“హమాలీ, దడ్వాయి, అన్నీ బాపు చెప్పినట్టే ఉన్నయి. అడుగున ఇంకో లైను ఉన్నది. ‘మీ అక్క పెండ్లికి తీస్కున్నయి ఇంకా ఉన్నయి కద తమ్మీ’ అన్నడు సేటు. ఆ సంగతి నీకు ఎవ్వరు చెప్పలే.”

ఇందులో మూడు పనులు జరిగాయి. ‘బాపు చెప్పినట్టే’ అనడంతో చెప్పే గొంతు బాపుది కాదని ఖాయమైంది. అక్క పెళ్లి, అప్పు అన్నవి సేటు నోట వచ్చాయి. ‘నువ్వు’ కథల్లో వెనకటి సంగతులు చెప్పడం చాలా కష్టం. “నీకు ఒక అక్క ఉంది, ఆమె పెళ్లి మూడేళ్ల కింద అయింది” అని రాస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే తన అక్క సంగతి తనకు చెప్పించుకునేవాడు ఎవడూ ఉండడు. మీ రెండో పేజీలో సరిగ్గా ఇలాంటి పేరా ఉంది, అది పోవాలి. వినేవాడికి తెలిసిన విషయాన్ని మూడో మనిషి మాటల్లోంచి రానివ్వండి, లేదా అక్క తాలూకు వస్తువు ఏదైనా కనిపించనివ్వండి.

మూడోది ఆ చివరి వాక్యం నిర్మాణం. మధ్యమ పురుషలో రాస్తే తెలుగులో వచ్చే పెద్ద ఇబ్బంది చెవికి సంబంధించింది. ప్రతి వాక్యం ‘వు’ దగ్గర ఆగుతుంది: లేస్తావు, ఎక్కుతావు, చూస్తావు, అడుగుతావు. రెండు పేజీలు దాటితే చీపురుతో ఒకే చోట ఊడుస్తున్నట్టు ఉంటుంది. ముందు ‘నువ్వు’ అన్న మాటను తీసేయొచ్చు, క్రియలోనే ఉంది కదా. అయినా ‘వు’ మిగులుతుంది. అందుకని ‘నీకు’తో నడిచే వాక్యాలు వాడండి: నీకు గుర్తొస్తుంది, నీకు ఆకలైంది, నీకు తెలియలేదు, నీకు ఎవ్వరు చెప్పలే. వీటిలో అనిపించుకునేవాడు అలాగే ఉంటాడు, క్రియ మాత్రం ‘వు’తో ముగియదు. అలాగే చూసేది కుర్రాడైనా వాక్యానికి కర్త బస్తానో, సేటో, కాంటానో కావచ్చు. ‘కాంటా ముల్లు కదిలేది చూస్తావు’ అనడం కంటే ‘కాంటా ముల్లు ఆగట్లేదు’ అంటే చాలు, చూసేది ఎవరో మనకు తెలుసు. రాసిన పేజీ తీసుకుని ‘వు’తో, ‘వ్’తో ముగిసే వాక్యాల కింద గీత గీయండి. గీతలు వరసగా కనిపించినచోట వాక్యాల్ని ఇలా మార్చండి. మా హన్మకొండ మిత్రులం కథలు చదువుకునేటప్పుడు నేను పెన్సిల్ పట్టుకుని చేసే పని చాలావరకు ఇంతే.

యాస సంగతి అడగలేదు గానీ దీనికి అతుక్కునే ఉంది. చెప్పేది బాపు కాబట్టి కథనం కూడా ఆయన మాటలోనే ఉండాలి. ‘పెడ్తడు, అంటడు’ అన్నవాడు మధ్యలో ‘గుమిగూడుతారు’ అంటే గొంతు అతుకులుగా వినిపిస్తుంది. మరి సేటు కూడా ఇక్కడివాడే, అదే యాస మాట్లాడతాడు, ‘నువ్వు’ అనే అంటాడు. సంభాషణలో ‘నువ్వు’, కథనంలో ‘నువ్వు’ కలిసిపోతే ఏది ఎవరన్నారో తెలియదు. కొటేషన్లు ఉన్నా కన్ను తడబడుతుంది. పిలుపులతోనే విడదీయండి. బాపుది ‘బిడ్డా’, సేటుది ‘తమ్మీ’. హమాలీలు ‘అన్నా’ అంటారు. సేటు మాటల్లో వీలైనంత వరకు ‘నువ్వు’ లేకుండా చూసుకోండి, పైన పెండ్లి వాక్యంలో లేదు చూడండి.

మీరు అడిగిన ‘ఎప్పుడు’కి మిగతా సందర్భాలు క్లుప్తంగా చెప్తాను. తన మీద తనకే అసహ్యమో, సిగ్గో ఉండి ‘నేను’ అని చెప్పుకోలేని మనిషి కథకు ఇది బాగా కుదురుతుంది. అక్కడ చెప్పేవాడూ వినేవాడూ ఒకరే అన్నది దాయాల్సిన పని లేదు. ఇంకోటి, ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ అనగానే తెలుగులో ఆడా మగా, చిన్నా పెద్దా తెలిసిపోతాయి. ‘వచ్చావు’లో ఆడా మగా తెలియదు. అది దాచడం కథకు నిజంగా అవసరమైతే ఇంతకంటే సులువైన దారి లేదు. చివర్లో ట్విస్ట్ కోసమే దాస్తే మాత్రం పాఠకుడికి కోపమొస్తుంది. నవల మొత్తం ఇలా రాయాలనుకునేవాళ్లకు నేను వద్దనే చెప్తాను. మీది చిన్న కథ, మార్కెట్‌లో ఒక్క పొద్దు. ఆ నిడివికి సరిపోతుంది.

బాపు గొంతు మీకు నచ్చకపోతే బలవంతంగా పెట్టకండి. అప్పుడు మొదటి రూపానికి, ‘వాడు’కే, వెళ్లండి. అయితే లేవడం, ఎక్కడం, చూడడం తీసేసి, చీటీ ఏ జేబులో పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి రాయండి. అదీ మంచి కథే అవుతుంది.

బాపు గొంతుతో రాస్తే మాత్రం చివర్లో ఒక ఆశ పుడుతుంది. తక్‌పట్టీ చూశాక కుర్రాడు ఎదిగాడని చూపించడానికి కథనాన్ని ‘నేను’లోకి మార్చాలని. మార్చొద్దని నా సలహా. ‘మాట్లాడినవ్’ దగ్గర ఒకసారి గొంతు మారింది, రెండోసారి మారిస్తే పాఠకుడు కథ వదిలి మీ పనితనాన్ని చూడటం మొదలుపెడతాడు. ఇంటికెళ్లాక బాపు “ఎంత పడ్డది?” అని అడుగుతాడు కదా, అక్కడ కుర్రాడు సంభాషణలో చెప్పే జవాబే అతని మొదటి ‘నేను’ కానివ్వండి. బాకీ సంగతి ఎత్తుతాడా లేదా అన్నది కూడా ఆ జవాబులోనే తేలిపోతుంది.